ఆ ముక్కు మీద కోపం ఎవరిది?

"మేడమ్, నా వయసు 25. మధురవాడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మూడు నెలల్లో పెళ్లి. నాది నాన్నమ్మ ముక్కు, బాగా వెడల్పు. ఇన్‌స్టాలో ఏ పెళ్లికూతుర్ని చూసినా ముక్కు సన్నగా, చెంపలు చెక్కినట్టు ఉంటాయి. సర్జరీ చేయించుకుంటానంటే అమ్మ డబ్బులిస్తానంది. నాన్నమ్మ మాత్రం మాట్లాడటం మానేసింది. పెళ్లిలోపు ముక్కు సెట్ అవుతుందా? నాన్నమ్మకు ఎలా నచ్చజెప్పాలి?"
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

అవదమ్మా. కట్టు వారం రోజుల్లో తీసేస్తారు. కళ్ల కింద కమిలిన నలుపు రెండు వారాల్లో చాలావరకు పోతుంది. వాపు అంత తొందరగా దిగదు. ముక్కు కొన అసలు ఆకారానికి రావడానికి ఏడాది దాకా పడుతుంది, చర్మం మందమైతే ఇంకా ఆలస్యం. పీటల మీద వాపు ముక్కుతోనే కూర్చోవాలి. ఆ సంగతి అంతటితో వదిలేద్దాం.

ఇంతకీ నీ ముక్కు వెడల్పని ఎక్కడ చూశావు? సెల్ఫీలోనేగా! ఫోన్ అడుగు దూరంలో ఉంటే దానికి దగ్గరగా ఉన్న ముక్కు పెద్దదిగా, వెనకున్న చెవులు చిన్నవిగా పడతాయి. అమెరికాలో 2018లో డాక్టర్లు సగటు ముఖం కొలతలతో దీన్ని లెక్కగట్టారు. ఐదడుగుల నుంచి తీసిన ఫొటోతో పోలిస్తే అడుగు దూరపు సెల్ఫీలో ముక్కు సుమారు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుంది. స్నేహితురాలిని ఐదడుగుల దూరంలో నిలబడి, జూమ్ చేసి ఒక ఫొటో తీయమను. దాన్ని నీ సెల్ఫీ పక్కన పెట్టి చూడు.

ఇక ఆ రీల్స్. బ్యూటీ ఫిల్టర్ ముక్కు దూలాన్ని సన్నగా నొక్కేసి, పెదవులు ఉబ్బించి, కంటి చివర పైకి లాగుతుంది. సియోల్ పిల్లకీ గాజువాక పిల్లకీ అదే అచ్చు. ఫిల్టర్ లేనిచోట మేకప్ వాళ్లు కాంటూర్‌తో అదే ముక్కు గీస్తున్నారు. మన పాతకాలపు పెద్దావిడలు రెండు పక్కలా పుడకలు, మధ్యన బులాకీ పెట్టుకుని తిరిగారు. అన్ని నగలు పట్టాలంటే ముక్కు కాస్త నిండుగా ఉండొద్దూ!

అయినా రీల్స్ చూసే ప్రతి అమ్మాయీ ఆపరేషన్ బల్ల దాకా వెళ్లదు. 'నాది నాన్నమ్మ ముక్కు' అన్నావు చూడు, నాకు అక్కడ గుచ్చుకుంది. ఆ మాట నీకు మొదట ఎవరన్నారు, ఏ గొంతుతో అన్నారు? అత్తగారి మీద కోపాన్ని ఆవిడ పోలిక వచ్చిన కూతురి మీద తీర్చుకోవడం మన ఇళ్లలో కొత్తా? జడ వేస్తూ 'అచ్చం ఆవిడే' అని విసుక్కుంటే పదేళ్ల పిల్లకు అద్దం చూసుకోవాలంటేనే చేదు పుడుతుంది. పెళ్లి ఖర్చుల మధ్య కూడా అమ్మ ఈ డబ్బు వెంటనే ఇస్తానందంటే నాకు అనుమానమే. ఇక నాన్నమ్మంటావా, తన పోలికను ఇంట్లోంచి చెరిపేస్తుంటే ఆవిడ ఏం మాట్లాడుతుంది?

నచ్చజెప్పాల్సింది ఆవిడకు కాదు. అమ్మను కూర్చోబెట్టి, నాన్నమ్మతో గొడవేమిటో అడుగు, అందులో నీ ముఖాన్ని ఎందుకు లాగుతోందో అడుగు. పెళ్లికొడుకు నిన్ను ఈ ముక్కుతోనే చూసి ఒప్పుకున్నాడు, అతని సంగతి నువ్వు రాయనేలేదు. పెళ్లయి ఏడాది తిరిగాక కూడా చేయించుకోవాలనే ఉంటే నీ జీతంతో చేయించుకో, కాదనే హక్కు ఎవరికీ లేదు. అమ్మ డబ్బుతో మాత్రం వద్దు.