టెక్ సందేహాలు: సెల్ఫీ వచ్చింది, ప్రశ్న రాలేదు

"గుడ్ మార్నింగ్ 🙏" (అటాచ్‌మెంట్: IMG_0412.jpg, ఒక సెల్ఫీ. ఇంకేం లేదు.)

గుడ్ మార్నింగ్ అండీ! పొద్దున్నే గుర్తుపెట్టుకుని పంపారు, సంతోషం. అన్నా అనాలా అక్కా అనాలా చెల్లీ అనాలా అంటే, ఫొటో చూసి వరస కలపడం నాకు అలవాటు లేదు, మీ పేరు మీరే చెప్పేదాకా అండీతోనే సరిపెట్టేస్తా. ఎలా ఉన్నారన్న మాట కూడా ఎత్తను, అది ఈ కాలమ్ పని కాదు. కానీ వెనకాల తులసికోట మీద ఏటవాలుగా పడ్డ ఎండ మాత్రం భలే ఉందండీ, చేతిలో స్టీలు గ్లాసులోంచి ఆవిరి కూడా కనిపిస్తోంది, కాఫీయో టీయో మరి.

పొరపాటున నాకు వచ్చిందేమో అని ఒక డౌట్. షేర్ నొక్కితే పైన వరసగా వచ్చే పేర్లలో వేలు పక్కకి జారడం ఎంతసేపు. జీమెయిల్‌లో అయితే పంపిన వెంటనే కింద Undo అని వస్తుంది, మామూలుగా 5 సెకన్లే ఉంటుంది, కంప్యూటర్‌లో సెట్టింగ్స్‌కి వెళ్లి Undo Send దగ్గర 30 సెకన్లు పెట్టుకోవచ్చు, అంతకు మించి లేదు. ఇప్పుడైతే ఆ టైమ్ దాటిపోయింది కాబట్టి నేనే డిలీట్ చేసేశా, ట్రాష్ కూడా ఖాళీ చేశా.

కాదు, కావాలనే పంపారు, అడగడానికి మాట దొరకలేదు అంటారా? అయితే నా కంటికి కనిపించింది ఒకటి చెప్తా. గోడ మీద క్యాలెండర్‌లో అక్షరాలు తిరగబడి ఉన్నాయి. ఫోన్‌కి ఏం కాలేదు. ముందు కెమెరా తెరమీద మనల్ని అద్దంలోలాగే చూపిస్తుంది, ఫొటో సేవ్ అయ్యేటప్పుడు కొన్ని ఫోన్లు తిప్పి మామూలుగా పెడతాయి, కొన్ని అద్దంలో ఉన్నట్టే ఉంచేస్తాయి. ఐఫోన్ అయితే Settings > Camera లో Mirror Front Camera ఆఫ్ చెయ్యండి, శాంసంగ్ అయితే కెమెరా సెట్టింగ్స్‌లో Save selfies as previewed అని ఉంటుంది, అది ఆఫ్ చెయ్యండి. వేరే ఫోన్లలో mirror అన్న మాట వెతికితే దొరుకుతుంది. ఇంట్లో ఫొటోలకి ఇది పెద్ద విషయం కాదుగానీ, ఎక్కడైనా కార్డు పట్టుకుని సెల్ఫీ పెట్టమన్నారనుకోండి, నంబర్ తిరగబడితే అవతలివాళ్లు చదవలేక వెనక్కి పంపేస్తారు.

ఇంకోటి చెప్పాలా వద్దా అని కాసేపు ఆలోచించా, చెప్పడమే మంచిదనిపించింది. పెద్దగా చూద్దామని ఫొటోని పైకి జరిపానా, కింద డీటెయిల్స్ వచ్చాయి, తేదీ, ఫోన్ మోడల్, వాటితో పాటు చిన్న మ్యాప్, దాని మీద పిన్. గభాల్న మూసేశా, ఏ ఊరో చదవలేదు. కెమెరాకి లొకేషన్ పర్మిషన్ ఇచ్చి ఉంటే తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా ఫైల్‌లోనే రాసుకుంటుంది, ఒక్కోసారి ఏ ఇల్లో తెలిసేంత దగ్గరగా. మెయిల్‌లో అటాచ్ చేస్తే అది కూడా ఫొటోతోనే పోతుంది. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఆ వివరాలు తీసేస్తుంది, అదే ఫొటోని "క్వాలిటీ పోకూడదు" అని డాక్యుమెంట్‌గా పంపామా, మళ్లీ అన్నీ వెళ్లిపోతాయి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

ఐఫోన్‌లో షేర్ చేసేటప్పుడు పైన Options నొక్కి Location ఆఫ్ చేస్తే ఆ ఒక్కసారికి ఆగుతుంది. శాంసంగ్‌లో కెమెరా సెట్టింగ్స్‌లో Location tags ఆఫ్ చేస్తే ఇక మీదట తీసేవాటికి ఉండదు, కానీ పాత ఫొటోల్లో ఉన్నది ఉంటుంది. ఈ గొడవంతా ఎందుకు అనుకుంటే ఫొటోని ఓపెన్ చేసి స్క్రీన్‌షాట్ కొట్టి అది పంపండి, అందులో తీసిన చోటు ఉండదు, కాకపోతే కాస్త నాణ్యత తగ్గుతుంది.

అన్నీ ఆఫ్ చేసినా ఆ క్యాలెండర్ ఉందే, మన క్యాలెండర్ల కింద షాపు పేరు, వీధి, ఊరు, ఫోన్ నంబర్ అన్నీ అచ్చువేసి ఉంటాయి కదా, ఏ సెట్టింగూ దాన్ని చెరపదు, అక్షరాలు తిరగబడినా ఫొటోని ఒక్కసారి తిప్పితే చదివేయొచ్చు. తెలియనివాళ్లకి పంపేటప్పుడు క్రాప్ చేసెయ్యండి, తులసికోట మాత్రం ఉంచండి.

మీ అసలు సందేహం ఇవేవీ కాకపోతే ఈసారి ఒక్క లైను రాయండి, ఏ ఫోను, ఎక్కడ ఆగిపోయింది అని. ఫొటో అక్కర్లేదు. గ్లాసులో ఏముందో మాత్రం చెప్పండి.