స్టీమ్ క్లౌడ్ కాన్‌ఫ్లిక్ట్: ఏ సేవ్ ఉంచుకోవాలి?

ల్యాప్‌టాప్‌లో నెట్ లేకుండా ఆడాను, తర్వాత పీసీలో ఆడాను. ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో నెట్ పెడితే రెండు సేవ్‌లలో ఒకటి ఎంచుకోమంటోంది. ఏది నొక్కాలి?

ఇంకా ఏదీ నొక్కకండి, ఆ విండో మూసేయండి. స్టీమ్ రెండింటినీ కలపదు. మీరు వద్దన్న దానిమీద రెండోది రాసేస్తుంది. ముందు ల్యాప్‌టాప్‌లోని సేవ్ ఫోల్డర్‌ని వేరేచోటికి కాపీ చేసుకోండి. అది కొన్ని ఆటలకు `Steam\userdata` లోపల, మరికొన్నింటికి `Documents` లేదా `AppData`లో ఉంటుంది. పీసీలోనూ అదే పని చేయండి.

కొత్త తేదీ ఉన్న సేవే ఆటలో ముందుకెళ్లిందని నమ్మితే దెబ్బతింటారు. శనివారం ల్యాప్‌టాప్‌లో ఆరు గంటలు ఆడి, ఆదివారం పీసీలో ఆట ఊరికే తెరిచి మూశారనుకోండి. ఆటోసేవ్ పడితే క్లౌడ్ కాపీకి ఆదివారం తేదీ వస్తుంది, ప్రోగ్రెస్ మాత్రం పాతదే. అలాంటప్పుడు లోకల్ సేవ్‌నే ఎంచుకోండి. లోడ్ చేసి లెవెల్ చూసుకున్నాకే కాపీలు తీసేయండి.