బోరు నీటి రిపోర్టులో ముందు చూడాల్సింది టీడీఎస్ కాదు

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర పల్లె. వార్డు మెంబర్‌ని, వయసు 54. మా వీధి బోరు నీళ్లు ల్యాబ్‌లో పరీక్ష చేయిస్తే టీడీఎస్ 1240, హార్డ్‌నెస్ 480, ఫ్లోరైడ్ 2.8, నైట్రేట్ 96 వచ్చాయి. కోలిఫాం ఉందని రాశారు. అందరూ నన్నే అడుగుతున్నారు. ఇంత టీడీఎస్ ఉంటే కిడ్నీలో రాళ్లు వస్తాయా? కాచి తాగితే సరిపోతుందా? రెండేళ్లుగా నాకు నడుము, మోకాళ్ల నొప్పులు. బీపీ మాత్రతో పాటు ఆర్‌ఎంపీ ఇచ్చిన నొప్పి మాత్రలు రోజూ వేసుకుంటున్నాను. కోడలికి పాలు చాలడం లేదని రెండు నెలల మనవడికి డబ్బా పాలు కలిపి పడుతున్నాం.

జవాబు: ముందు మనవడి సంగతి. ఈ పూట నుంచే ఆ బోరు నీళ్లతో డబ్బా పాలు కలపడం ఆపండి. కాచినా వద్దు. కాస్తే క్రిములు చస్తాయి గానీ నైట్రేట్ ఎక్కడికీ పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ అది చిక్కబడుతుంది. పది లీటర్లు మరిగి ఎనిమిది అయ్యాయంటే మీ 96 కాస్తా 120 అవుతుంది. ఫ్లోరైడ్ కూడా అంతే, 2.8 నుంచి 3.5కు పోతుంది.

నైట్రేట్‌కు మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 పెట్టిన హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు. పేగుల్లో అది నైట్రైట్‌గా మారి, రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ మోయకుండా చేస్తుంది. పెద్దవాళ్ల రక్తం ఈ మార్పును ఎప్పటికప్పుడు సరిచేసుకుంటుంది. ఆరు నెలల లోపు పిల్లల్లో ఆ శక్తి ఇంకా తక్కువ, పైగా వాళ్ల ఆహారమంతా ఆ నీళ్లతో కలిపిన పాలే. బిడ్డ పెదాలు, నాలుక, గోళ్లు నీలంగానో బూడిద రంగులోనో కనిపించినా, ఆయాసపడుతున్నా, పాలు తాగకుండా మందకొడిగా ఉన్నా పిల్లల వార్డు ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లండి. ఈ రిపోర్టు వెంట ఉంచుకోండి, దాన్ని చూస్తే డాక్టరుకు దారి త్వరగా దొరుకుతుంది. వేలికి పెట్టే ఆక్సీమీటర్ ఈ జబ్బులో సరైన అంకె చూపదు, దాన్ని నమ్మి ఇంట్లో ఆగవద్దు. విరేచనాలు తోడైతే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. మీ నీళ్లలో కోలిఫాం క్రిములు కూడా ఉన్నాయని మరవకండి. లక్షణాలేవీ లేకపోయినా ఈ వారంలో బిడ్డను పిల్లల డాక్టరుకు ఒకసారి చూపించండి.

ప్రస్తుతానికి ఐఎస్ఐ గుర్తున్న సీలు నీళ్లు కాచి, చల్లార్చి పాలు కలపండి. సీలు లేని 20 లీటర్ల క్యాను ఆ లెక్కలోకి రాదు. అసలు పాలు నిజంగా చాలడం లేదా అన్నది కూడా తేల్చుకోవాలి. బిడ్డ రోజుకు ఆరుసార్లు, అంతకంటే ఎక్కువ మూత్రం పోస్తూ, అంగన్‌వాడీలో తూచినప్పుడు బరువు పెరుగుతూ ఉంటే సాధారణంగా తల్లిపాలు సరిపోతున్నట్టే. తల్లి తాగే నీటిలోని నైట్రేట్ పాలల్లోకి చెప్పుకోదగినంత రాదు. డబ్బా పాలు మానే నిర్ణయం మాత్రం బరువు చూసిన డాక్టరుతో మాట్లాడాకే తీసుకోండి.

మీ రిపోర్టులో పక్కపక్కనే రెండు పరిమితులు రాసి ఉంటాయి. మొదటిది అందరికీ ఉండాల్సిన హద్దు. రెండోది, ఊరికి వేరే నీరే లేనప్పుడు ఓర్చుకోగల పై హద్దు. ఊళ్లో గొడవంతా ఈ రెండూ కలగలిపి చదవడం వల్లే వస్తుంది. టీడీఎస్‌కు 500, 2000. హార్డ్‌నెస్‌కు 200, 600. మీవి రెండూ మధ్యలో ఉన్నాయి. రుచి బాగుండదు, పప్పు ఉడకదు, గిన్నెలకు తెల్లటి పొర కడుతుంది. గట్టి నీళ్ల వల్లే కిడ్నీ రాళ్లు వస్తాయని చెప్పడానికి గట్టి ఆధారం లేదు, ఎండలో పనిచేస్తూ నీళ్లు తక్కువ తాగడం అంతకంటే పెద్ద కారణం. నైట్రేట్‌కు మాత్రం రెండో హద్దు లేనే లేదు, 45 దాటితే సడలింపు ఉండదు. ఒకటి సరిచూసుకోండి: కొన్ని ల్యాబులు నైట్రేట్‌ను నైట్రోజన్ లెక్కలో ఇస్తాయి. అలా ఇచ్చిన అంకెను 4.43తో గుణించాకే 45తో పోల్చాలి.

ఫ్లోరైడ్‌కు హద్దులు 1.0, 1.5. మీది రెండూ దాటింది. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతంలో ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు గురించి 1937లోనే వైద్య పత్రికలో రాశారు, అంటే మీ నేలకు ఇది కొత్త కాదు. ఎండాకాలంలో వంటతో కలిపి మనిషికి నాలుగు లీటర్లు పోతాయనుకుంటే మీ ఒంట్లోకి రోజూ 11 మిల్లీగ్రాములకు పైగా వెళ్తోంది. ఒక మిల్లీగ్రాము ఉన్న నీళ్లయితే నాలుగే. పిల్లల పళ్ల మీద సుద్దలాంటి తెల్ల మచ్చలు, గోధుమ రంగు అడ్డగీతలు ఉన్నాయేమో చూడండి. మీరు గడ్డం ఛాతీకి ఆనించగలరా, మోకాళ్లు వంచకుండా కాలివేళ్లు అందుకోగలరా, చేతులు తల వెనక్కి పెట్టగలరా? ఇవి కష్టమైతే ఫ్లోరోసిస్‌ను అనుమానించాలి. నిర్ధారణకు నడుము, ముంజేయి ఎక్స్‌రేలు, మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష కావాలి. 54 ఏళ్లకు మామూలు కీళ్ల అరుగుదల కూడా ఇలాగే నొప్పి పెడుతుంది కాబట్టి ఉత్తరం చూసి నేను తేల్చలేను.

నన్ను అన్నిటికన్నా కలవరపెడుతున్నది మీ నొప్పి మాత్రలు. బీపీ ఉన్నవాళ్లు రెండేళ్లుగా రోజూ వేసుకోవాల్సినవి కావవి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి బీపీని పెంచుతాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. ఒంట్లోని ఫ్లోరైడ్‌ను బయటికి పంపేది ఆ కిడ్నీలే. అవి మందగిస్తే ఫ్లోరైడ్ ఎముకల్లో ఇంకా ఎక్కువ పేరుకుంటుంది, నొప్పి పెరుగుతుంది, మీరు ఇంకో మాత్ర వేస్తారు. రాళ్ల గురించి అడిగారు గానీ మీ కిడ్నీలకు ముప్పు ఆ స్ట్రిప్పులో ఉంది. ఏళ్ల తరబడి ఇలా నెట్టుకొచ్చి చివర్లో రావడం మంచిది కాదండీ. నొప్పి మాత్రలు ఆపండి, బీపీ మాత్ర మాత్రం ఆపవద్దు. సీరం క్రియాటినిన్, మూత్ర పరీక్ష చేయించుకుని, వాడిన మాత్రల అట్టలన్నీ తీసుకుని ఎంబీబీఎస్ డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఇక బోరు. నైట్రేట్, కోలిఫాం రెండూ కలిసి కనిపిస్తే ఎరువుల కంటే ముందు మరుగుదొడ్డి గుంత, సెప్టిక్ ట్యాంకు, గొడ్లచావడి, పెంటకుప్ప వైపు చూడాలి. బోరుకు వీటికి కనీసం 15 మీటర్ల దూరం ఉందా, చుట్టూ గట్టు పగిలిందా, మురుగు నిలుస్తోందా చూడండి. కోలిఫాంకు క్లోరిన్ చాలు. వెయ్యి లీటర్లకు తాజా బ్లీచింగ్ పౌడర్ రెండున్నర గ్రాములు బకెట్ నీళ్లలో కలిపి, తేరిన నీటిని మాత్రమే ట్యాంకులో పోయాలి. అరగంట ఆగాక కొళాయి దగ్గర క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాముల కంటే తక్కువుంటే కొంచెం పెంచాలి. క్లోరిన్‌తో నైట్రేట్, ఫ్లోరైడ్ తగ్గవు. క్యాండిల్ ఫిల్టరూ వాటిని ఆపదు. ఆర్‌ఓ తగ్గిస్తుంది, పొర పాతబడితే తగ్గించదు. ప్లాంటువాళ్లు చూపించే టీడీఎస్ మీటరుతో ఇది తెలియదు, శుద్ధి చేసిన నీటిలో ఫ్లోరైడ్, నైట్రేట్ ఎంతో విడిగా ల్యాబ్‌లో చూపించమనండి.

తాగడానికి, వంటకు మాత్రం వేరే నీరు చూసుకోండి, స్నానానికి, బట్టలకు ఈ బోరు వాడుకోవచ్చు. గట్టు బాగుచేసి క్లోరిన్ వేశాక మళ్లీ పరీక్షించాలి. అయితే క్రిముల పరీక్షకు మామూలు సీసా పనికిరాదు, ల్యాబ్ ఇచ్చే స్టెరైల్ సీసాలోనే పట్టి, ఐసు పెట్టెలో 24 గంటల్లోపు చేర్చాలి. రసాయనాలకు వేరే సీసా. వానాకాలం ముందొకసారి, తర్వాతొకసారి అదే బోరు నుంచి తీయించండి, ఎందుకంటే నైట్రేట్, కోలిఫాం వానలకు మారిపోతాయి.