అట్టపెట్టె లేకుండా టీవీని అనంతపురం చేర్చడం

అమ్మా,

అల్లుడికి అనంతపురం బదిలీ అయిందనీ, వచ్చే ఆదివారం సామాను ఎత్తుతున్నారనీ మీ అత్త చెప్పింది. సంతోషం. బీరువాలు, మంచాల సంగతి మీరు చూసుకోగలరు. టీవీ పెట్టె ఎప్పుడో పాత పేపర్లవాడికి వేసేశారట కదా, దాన్ని పరుపు మీద పడుకోబెట్టి తీసుకుపోతామని అల్లుడు అన్నాడట. అదొక్కటి మాత్రం చేయొద్దు. ఇన్నేళ్లు కర్నూల్లో టీవీలు విప్పి బిగించినవాణ్ని కాబట్టి ఎందుకో కూడా చెప్తాను.

మీది 43 అంగుళాల ఎల్ఈడీ. లోపల ఉండే ప్యానెల్ అంటే అప్పడంలాంటి పల్చటి గాజు. దానికి ఆధారం చుట్టూ ఉన్న అంచులే, నడుమ ఏమీ ఉండదు. నిలబెట్టినప్పుడు దాని బరువు కింది అంచు మీదికి దిగిపోతుంది. పడుకోబెడితే నడిమి భాగం కుంగుతుంది, బండి స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగినప్పుడల్లా ఆ కుంగుడు ఊగుతుంది. పరుపు మెత్తగా ఉంటే ఇంకా ఎక్కువ ఊగుతుంది. పైన ఎవరో ఒక దిండుమూట పెట్టనే పెడతారు. వెనక బ్రాకెట్ విప్పడానికి ఇంట్లో మంచం మీద దుప్పటి పరిచి, కాసేపు బోర్లా పెట్టడం వేరే సంగతి. దానికి ఏమీ కాదు, కదిలే బండిలోనే ప్రమాదం.

ముందురోజు రాత్రే మొదలుపెట్టండి. ప్లగ్ తీసే ముందు టీవీ ఆన్ చేసి, తెల్లటి బొమ్మ ఏదైనా నిండుగా పెట్టి ఫోన్లో వీడియో తియ్యి. గీతలు, మచ్చలు లేవని అందులో కనపడాలి. వెనకున్న సీరియల్ నంబర్ స్టిక్కర్ కూడా పడాలి. రేపు ఏదైనా తేడా వస్తే బండివాళ్లతో మాట్లాడటానికి అదే ఆధారం. గాజు పగిలితే వారంటీ వర్తించదు, ప్యానెల్ మార్చే ఖర్చు చాలాసార్లు కొత్త టీవీ ధరకు దగ్గరగా పోతుంది. తర్వాత వైర్లు ఎక్కడ గుచ్చి ఉన్నాయో ఫోటో తీసి, అన్నీ పీకేసి, సెట్ చల్లారేదాకా వదిలెయ్యి. వేడిగా ఉండగా చుట్టొద్దు.

మీది గోడకు ఉంది కాబట్టి స్క్రూల సంగతి ఒకటి చెప్పాలి. వెనక బ్రాకెట్‌కు బిగించిన స్క్రూలు, టేబుల్ మీద పెట్టే కాళ్ల స్క్రూలు ఒకే సంచిలో కలపొద్దు. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, పొడవు తేడా. పొడవాటిది పొట్టిదాని చోట బిగిస్తే లోపలికి పోయి ప్యానెల్‌కో బోర్డుకో తగులుతుంది. మార్చింది మనమే అయినా టీవీ చెడిపోయిందని కంపెనీని తిడతాం! రెండు చిన్న కవర్లలో వేసి, పైన పెన్నుతో రాసి, నీ హ్యాండ్‌బ్యాగులో పెట్టుకో.

ఇక పెట్టె. ముందు ఒక షోరూమ్‌కు పోయి 43 అంగుళాల ఖాళీ పెట్టె ఉందేమో అడగమను. డెమోకు పెట్టిన సెట్ల పెట్టెలు ఒక్కోసారి గోడౌన్‌లో పడి ఉంటాయి. లోపలి థర్మకోల్ కూడా ఇస్తేనే తీసుకోండి. వట్టి అట్టపెట్టెలో టీవీ అటూ ఇటూ కొట్టుకుంటుంది.

అది దొరక్కపోతే ఫ్రిజ్ అట్టపెట్టె ఒకటి, ఏసీ మెకానిక్‌లు రాగి పైపుకు తొడిగే నల్ల ఫోమ్ పైపు రెండు ముక్కలు తెప్పించు. ఆరడుగుల ముక్కలుగా దొరుకుతుంది. మీ టీవీ పై అంచు, రెండు పక్కలు కలిపితే ఏడడుగుల దగ్గరికి వస్తుంది కాబట్టి రెండు ముక్కలు కావాలి. కొనేటప్పుడు సెట్ అంచు మందం కొలిచి, పైపు లోపలి బెజ్జం అంతకంటే కొంచెం పెద్దది చూసి తీసుకోమను.

ముందు స్క్రీన్ మీద గంజి పెట్టని పాత కాటన్ పంచె కప్పు. న్యూస్‌పేపర్ వద్దు, దుమ్ముపట్టిన టవల్ అసలే వద్దు, ఇసుక రేణువొకటి ఉన్నా గీత పడుతుంది. ఫోమ్ పైపును బ్లేడుతో పొడవునా ఒకవైపు చీల్చి, పంచె మీదుగానే పై అంచుకూ పక్కలకూ తొడుగు. కింది భాగం లావుగా ఉంటుంది కాబట్టి అక్కడ పైపు పట్టదు. కాళ్లు బిగించే రెండు చోట్లా రెండంగుళాల థర్మకోల్ ముక్కలు కిందపెట్టు. టేపు పైపు మీదా, వెనక ప్లాస్టిక్ మీదా పడాలి గానీ స్క్రీన్ మీద కాదు.

ఫ్రిజ్ పెట్టెలోంచి మూడున్నర అడుగుల పొడవు, రెండుంబావు అడుగుల ఎత్తు ఉన్న అట్టలు నాలుగు కోసి, ముందు రెండు, వెనక రెండు పెట్టండి. జంటలో ఒక అట్ట గీతలు నిలువుగా, రెండోదానివి అడ్డంగా ఉంటే వంగదు. ఫోమ్ పైపు లావు వల్ల అట్టకూ గాజుకూ మధ్య ఖాళీ మిగులుతుంది. మన పని అంతా ఆ ఖాళీ కోసమే. అది పోకుండా టేపు చుట్టండి, బిగించి లాగొద్దు. మా వీధిలో ఒకాయన సామాను ఎత్తడానికి వచ్చిన కుర్రాళ్లు ప్లాస్టిక్ ఫిల్మ్‌ను బలం కొద్దీ లాగి చుట్టారు. ఇల్లు దాటకముందే ప్యానెల్ మూల చిట్లింది. పైకి గీత కూడా లేదు, ఆన్ చేస్తే సిరా ఒలికినట్టు నల్లటి మరక. చివరగా అట్ట మీద పెద్దక్షరాలతో “స్క్రీన్ ఇటువైపు”, పైకి బాణం గుర్తు రాయి.

ఎత్తేటప్పుడు ఇద్దరు ఉండాలి, ఒక చెయ్యి కింద, ఒక చెయ్యి పక్కన. బొటనవేళ్లు స్క్రీన్‌ వైపు నొక్కకూడదు.

టాటా ఏస్ మాట్లాడుకున్నారు కదా. క్యాబిన్ వెనక గోడకు ఆనించి పెడతామంటారు డ్రైవర్లు. నాకది నచ్చదు. డ్రైవర్ బ్రేకు కొడితే వెనకున్న బీరువా బరువంతా ముందుకొచ్చి టీవీ మీద పడుతుంది. బండి పక్కగోడ వెంబడి, పొడవుగా నిలబెట్టించు. గోడవైపు ఒక పరుపు, స్క్రీన్ ముందు ఇంకో పరుపు, కింద జారకుండా మడిచిన బొంత. స్క్రీన్ వైపు బీరువా మూలగానీ, సైకిల్ హ్యాండిల్‌గానీ దరిదాపుల్లో ఉండకూడదు. తాడు పరుపుల మీదుగా పైభాగంలో మాత్రమే, పక్కకు పడిపోకుండా పట్టుకునేంత చాలు.

డోన్, గుత్తి మీదుగా పోయే హైవేతో భయం లేదు. కుదుపులన్నీ మన సందుల్లోనూ, అక్కడ మీ కొత్త వీధిలోనూ ఉంటాయి, ఆ రెండు చోట్ల నెమ్మదిగా పొమ్మని డ్రైవర్‌కు చెప్పు. ఇది ఎండాకాలం, తెల్లవారకముందే బయలుదేరండి. టిఫిన్‌కు ఆగినా బండిని నీడలో పెట్టించు.

అక్కడ దించగానే ఆన్ చేయొద్దు, గది వేడికి సర్దుకునేదాకా రెండు మూడు గంటలు ఆగు. అట్ట నలిగిందా, మూల అణిగిందా అని మాత్రం డ్రైవర్ ఉండగానే చూసి, ఏదైనా ఉంటే అతని ముందే ఫోటో తీసుకో. ఆన్ చేశాక మళ్లీ తెల్ల బొమ్మ పెట్టి పాత వీడియోతో పోల్చి చూడు. గీతలో, మరకలో కనిపిస్తే గోడకు బిగించకుండా ముందు నాకు ఫోన్ చెయ్యి.

మీ మామ