మాటల్లేని లఘుచిత్రంలో గ్యాగ్ పండాలంటే బొమ్మ అంచు మారాలి

ప్రశ్న: మాటలు లేకుండా చిన్న యానిమేషన్ చిత్రం తీస్తున్నాను. ఒక ముసలాయన, ఒక జంతువు, మధ్యలో కొన్ని గ్యాగులు, అంతే కథ. స్టోరీబోర్డు చూసినవాళ్ళు "ఇక్కడ ఏం జరుగుతోంది?" అని అడుగుతున్నారు, గ్యాగుల దగ్గర ఎవరూ నవ్వడం లేదు. సిల్హౌట్ స్పష్టంగా ఉండాలని అందరూ చెబుతున్నారు కానీ దాన్ని కథకు ఎలా వాడాలో ఎవరూ చెప్పడం లేదు. చేసినవారు ఎవరైనా చెప్పగలరా?

జవాబు:

నవ్వు రాకపోవడానికీ, ఏం జరుగుతోందో తెలియకపోవడానికీ కారణం చాలాసార్లు ఒక్కటే. గ్యాగ్ పండాలంటే ప్రేక్షకుడు ముందుగా ఏదో ఒకటి ఊహించాలి, ఆ తర్వాత ఆ ఊహ తప్పాలి. మాటలు లేని చిత్రంలో అలా ఊహించడానికి అతనికి దొరికేది ఒక సెకనో, సెకనున్నరో మాత్రమే. ఆ కొద్ది సమయంలో కన్ను బట్టల మడతలనూ కనుబొమల కదలికనూ పట్టించుకోదు, ముందుగా బొమ్మ అంచునే, అంటే సిల్హౌట్‌నే పట్టుకుంటుంది. అందుకే గ్యాగును రాసుకునేటప్పుడే నేను చూసుకునేది ఒకటుంది: గ్యాగుకు ముందున్న ఆకృతినీ, తర్వాత వచ్చే ఆకృతినీ పూర్తిగా నల్లరంగుతో నింపితే వాటి మధ్య తేడా కనబడుతుందా? కనబడకపోతే ఆ గ్యాగ్ ఎంత చమత్కారమైనదైనా నా బోర్డులోకి రాదు.

తిరుపతిలో మా చిన్న బృందం చేసిన ఒక చిత్రాన్ని ఉదాహరణగా తీసుకుంటాను, ఎందుకంటే అది మీ కథకు దగ్గరగానే ఉంది. చంద్రగిరి వైపు వెళ్ళే దారిలో, చింతచెట్టు కింద రాతి బెంచీ మీద ఒక తాత బస్సు కోసం ఎదురుచూస్తుంటాడు. కొమ్మ మీద నుంచి ఒక కోతి ఆయన వస్తువును లాక్కుంటుంది, ఆయన అరటిపండు ఇచ్చి దాన్ని తిరిగి తీసుకోవాలని చూస్తాడు. మా ప్రాంతంలో కోతుల చేతిలో వస్తువు పోగొట్టుకోని ఇల్లు ఉండదు కాబట్టి కథను ఎవరికీ వివరించవలసిన అవసరం రాలేదు. అసలు చర్చంతా ఆ వస్తువు ఏమిటన్న దాని మీదే జరిగింది. సహజంగా తట్టేది కళ్ళజోడు. కోతులు నిజంగానే కళ్ళజోళ్ళు లాక్కుపోతాయి, అవి లేని తాత తడుముకుంటూ నడవడం కూడా నవ్వు తెప్పిస్తుంది. కానీ నల్లరంగు నింపి చూస్తే కళ్ళజోడు ముఖంలో కలిసిపోతుంది. కోతి చేతిలో ఉన్నప్పుడు దాని పిడికిలిలో కలిసిపోతుంది. ఎవరి దగ్గర ఉందన్నదే కథ అయినప్పుడు, ఎవరి దగ్గర ఉందో తెలియని వస్తువును తీసుకుని ప్రయోజనం లేదు. అందువల్ల కళ్ళజోడు తీసేసి గొడుగు పెట్టాము. ముడిచిన గొడుగు ఒక కర్ర, తెరిచిన గొడుగు ఒక గుమ్మటం. దాని వంకీ పిడి తాత చేతికీ, కొమ్మకూ, కోతి తోకకూ తగులుకుంటుంది. ఒకే వస్తువులో ఇన్ని ఆకృతులు ఉన్నప్పుడు గ్యాగులు వాటంతట అవే పుడతాయి.

అరటిపళ్ళను కూడా ఇదే ఆలోచనతో తీసుకున్నాము. తాత దగ్గర మూడు పళ్ళున్న చిన్న అత్తం ఉంటుంది. ఒక్కొక్క పండు పోయేకొద్దీ అత్తం ఆకారం మారి చివరికి ఉత్త తొడిమ మిగులుతుంది. ఇంకా ఎన్ని అవకాశాలు మిగిలాయో ప్రేక్షకుడికి చెప్పడానికి వేరే ఉపాయం అవసరం కాలేదు.

మొదటి గ్యాగ్ సులువైనది. తాత పండు పైకి చాపుతాడు, కోతి పండు తీసుకుంటుంది కానీ గొడుగు ఇవ్వదు. ఇక్కడ జాగ్రత్త పడవలసింది తాత చేతి విషయంలో. పండు పట్టుకున్న చేయి ఛాతీకి ఎదురుగా ఉంటే, నల్లరంగు నింపగానే చేయీ పండూ రెండూ మొండెంలో మాయమవుతాయి. చేయి శరీరానికి దూరంగా, ఖాళీగా ఉన్న ఆకాశంలోకి చాపి ఉండాలి, మోచేతికీ నడుముకీ మధ్య వెలుతురు కనబడాలి. తోలుబొమ్మలాటలో ముఖాలు ఎక్కువగా పక్కకు తిరిగి ఉండి, చేతులు భుజం దగ్గరా మోచేతి దగ్గరా విడిగా ఆడేలా అతికి ఉండటం గమనించండి. దూరంగా కూర్చున్నవారికి కూడా ఎవరు ఎవరికి ఏమిస్తున్నారో తెలియాలన్న అవసరం అక్కడా ఇదే. ఇంకొక సంగతి ఏమిటంటే, రెండు చేతులూ ఒకేలా పెట్టకూడదు. ఒక చేయి పని చేస్తున్నప్పుడు రెండో చేయి బెంచీ మీదో, మోకాలి మీదో నిలకడగా ఉంటే చూపు పని చేసే చేతి మీదికే వెళుతుంది.

అసలు కష్టం రెండో గ్యాగులో వచ్చింది. మొదటిసారి మోసపోయిన తాత ఈసారి పండును వీపు వెనక దాచి, ముందు గొడుగు ఇమ్మని సైగ చేస్తాడు. ఆయన చూపు కొమ్మ మీద ఉండగానే కోతి కొమ్మ వెంబడి నెమ్మదిగా జరిగి, ఆయన వెనక వైపుకు వచ్చి, తోకతో పండు లాగేసుకుంటుంది. మా దగ్గరి కోతుల తోక ఏదైనా పట్టుకోవడానికి పనికిరాదు, అది కార్టూన్‌కు మాత్రమే చెల్లే స్వేచ్ఛ. ఇక్కడ ప్రేక్షకుడికి తెలిసి తాతకు తెలియనిది ఒకటి ఉండాలి, నవ్వు పుట్టేది ఆ తేడాలోనే. తాతను కెమెరాకు ఎదురుగా కూర్చోబెడితే వీపు వెనక ఏముందో ఎవరికీ కనబడదు. కాబట్టి ఆయనను కుడివైపుకు పూర్తిగా పక్కకు తిప్పాము. కుడి చేయి కొమ్మ వైపు సైగ చేస్తుంది, ఎడమ చేయి వెనక్కి చాపి ఉంటుంది, పండు వంపు ఫ్రేములోని ఎడమ ఖాళీలోకి పొడుచుకు వస్తుంది. తాత ఒక్కడి శరీరంలోనే కోరిక కుడివైపూ, రహస్యం ఎడమవైపూ విడివిడిగా కనబడతాయి. కోతి తోక పైనుంచి ఆ ఎడమ ఖాళీలోకే దిగుతుంది. ఆ ఖాళీలో పొదగానీ మైలురాయిగానీ లేకుండా ముందే శుభ్రం చేసి పెట్టుకున్నాము.

ఇలాంటి చోట టైమింగ్ కూడా ఆకృతితో ముడిపడి ఉంటుంది. మా చిత్రం సెకనుకు 24 ఫ్రేములు, ఎక్కువ భాగం ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలుపుతూ గీసినదే. తోక దిగడం మొదలయ్యే ముందు తాత భంగిమను 16 ఫ్రేములు దాదాపు కదలకుండా ఆపాము, ఎందుకంటే ప్రేక్షకుడు పండును చూసి, దాచాడని గ్రహించడానికి ఆ సమయం కావాలి. తోక నెమ్మదిగా దిగుతుంది, పండును చుట్టుకోగానే మళ్ళీ ఒక చిన్న విరామం ఉంటుంది, లాక్కోవడం మాత్రం 4 ఫ్రేముల్లో అయిపోతుంది. లాక్కోవడాన్ని కూడా నెమ్మదిగా చూపిస్తే నవ్వు చల్లారిపోతుంది. తోక కదులుతున్నంతసేపూ తాత కదలడు, తాత వెనక్కి తిరిగినప్పుడు కోతి కదలదు. ఇద్దరూ ఒకేసారి కదిలే షాటులో ప్రేక్షకుడు తప్పనిసరిగా ఒకరిని వదిలేస్తాడు, అతను వదిలేసేది మీరు చూపించదలచుకున్న వారినే కావచ్చు.

నల్లరంగు పరీక్షలో నెగ్గిన బొమ్మ రంగులు వేశాక ఓడిపోవచ్చు. కోతిది గోధుమ రంగు, చింతచెట్టు మానుదీ దాదాపు అంతే ముదురు రంగు. బొమ్మ అంచు ఎంత చక్కగా ఉన్నా మాను ముందుకు రాగానే కోతి కరిగిపోయినట్లే అవుతుంది. దీన్ని కనిపెట్టాలంటే షాటును నలుపుతెలుపుల్లోకి మార్చి, అగ్గిపెట్టె అంత చిన్నదిగా చేసి చూడండి. అప్పుడు కోతి ఎక్కడుందో వెతకవలసి వస్తే లోపం గీతలో లేదు, వెనక ఉన్న రంగు ముదురులో ఉంది. మేము కోతిని ఎప్పుడూ మాను ముందు కాకుండా ఆకాశం కనబడే కొమ్మ మీదే కూర్చోబెట్టాము, శేషాచలం కొండల రేఖను కూడా తాత భుజాల కంటే కిందికి దించాము. కొండ అంచు సరిగ్గా తల వెనక నుంచి వెళితే తల ఆకారం చెడుతుంది. మీరు బ్లెండరులో పని చేస్తుంటే `Solid` వ్యూలో లైటింగును `Flat`గా మార్చి, అన్ని వస్తువులకూ ఒకే నలుపు ఇచ్చి, వెనక తెలుపు పెడితే భంగిమ సరిచేసేటప్పుడే పరీక్ష జరిగిపోతుంది. కాగితం మీద గీస్తుంటే ట్రేసింగ్ షీటు వేసి మార్కరుతో నింపితే చాలు.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. ఎవరు ఏం చేస్తున్నారు, ఏం కోరుతున్నారు అన్నది సిల్హౌట్ చెబుతుంది కానీ లోపల ఏమనుకుంటున్నారో అన్ని సందర్భాల్లోనూ చెప్పలేదు. రెండో పండు పోయాక తాతకు కోపం వస్తుంది, ఆ కోపం మెల్లగా కోతి తెలివికి మెచ్చుకోలుగా మారుతుంది. ఆ మార్పు అంచులో కనబడదు, కళ్ళలోనే కనబడుతుంది. అక్కడ ఒక్కచోట ముఖం దగ్గరి షాటు వాడాము, మిగతా చిత్రమంతా మనిషి నిలువునా కనబడే దూరంలోనే ఉంది. ప్రతి భావానికీ దగ్గరికి వెళితే ప్రేక్షకుడు ఎవరు ఎక్కడున్నారో మరచిపోతాడు. మూడో గ్యాగుకు ఆ స్థలజ్ఞానమే ఆధారం.

మీ బోర్డును చూపించేటప్పుడు కథ చెప్పకండి. ఒక్కో బొమ్మను ఒక సెకను చూపించి తీసేసి, "ఏం చూశారు?" అని మాత్రమే అడగండి. మా ఇంట్లో అవ్వకూ, వీధిలోని పిల్లలకూ మేము అలాగే చూపించాము. "బాగుంది" అన్న మాటతో మీకు పని లేదు. "తాత పండు దాచాడు" అని కర్త, కర్మ, క్రియ మూడూ ఉన్న వాక్యం వస్తే ఆ బొమ్మ నిలిచినట్లు. "తాత నిలబడ్డాడు" అని వస్తే చేస్తున్న పని పోయింది, అంటే భంగిమలో వంపు చాలడం లేదు. "ఏదో పట్టుకున్నాడు" అని వస్తే వస్తువు ఆకృతి చాలడం లేదు. ఏది మార్చాలో ఆ జవాబులోనే ఉంటుంది.

చివరి గ్యాగులో మాత్రం ఆకృతులు విడివిడిగా కనబడాలన్న నియమాన్ని మేము తెలిసే తప్పాము. వాన మొదలవుతుంది, కోతి చెయ్యి తగిలి గొడుగు రెండు ఫ్రేముల్లో తెరుచుకుంటుంది, ఉలిక్కిపడిన కోతి గొడుగుతో సహా బెంచీ మీదికి దిగుతుంది. తాత మూడో పండు ఇచ్చి ఆ గొడుగు కిందే చోటు సంపాదిస్తాడు, తొడిమ విసిరేస్తాడు. అంతలో బస్సు వస్తుంది. అప్పుడు ఒకే ఒకసారి కెమెరాను డ్రైవరు కూర్చున్న చోటికి మార్చాము. అక్కడి నుంచి గొడుగు ఇద్దరినీ కప్పేస్తుంది, కనబడేది ఒక గుమ్మటం, దాని కింద ఎవరివో తెలియని కాళ్ళు, ఒక తోక. అంతవరకూ రెండుగా స్పష్టంగా ఉన్న ఆకృతులు ఒకటైపోయినందువల్ల డ్రైవరుకు మనిషి కనబడడు, బస్సు ఆగకుండా వెళ్ళిపోతుంది. ఈ షాటు పండడానికి రెండు షరతులు ఉన్నాయి. అంతకు ముందు చిత్రంలో ఎక్కడా ఆ ఇద్దరి ఆకృతులూ ఒకదానిలో ఒకటి కలవకూడదు, కలిస్తే ఈ కలయికను గ్యాగుగా కాక అలవాటుగా చూస్తారు. అలాగే డ్రైవరు చూపుకు మారే ముందు, పక్క నుంచి తీసిన షాటులో తాత బస్సును చూసి చేయి ఎత్తడం కనీసం ఒక సెకను నిలవాలి. ఆ ఎత్తిన చేయి తర్వాతి షాటులో గొడుగు వెనక దాగి ఉందని ప్రేక్షకుడికి తెలియాలి, డ్రైవరుకు తెలియకూడదు.