‘నిర్వహణ’ అని ఉంటే మేనేజర్ అని రాయవచ్చా?

ప్రశ్న: మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో ఆరేళ్లు చేశాను. షెల్లర్, పాలిషర్ నడిపేవాణ్ని, రబ్బరు రోలర్లు అరిగితే మార్చేవాణ్ని, కూలీల హాజరు రాసేవాణ్ని. ఓనర్ తెలుగులో ఇచ్చిన సర్టిఫికెట్‌లో ‘యంత్రాల నిర్వహణ, కూలీల హాజరు చూసుకునేవారు’ అని ఉంది. దాని ఇంగ్లీషు అనువాదంలో మాత్రం అనువాదకుడు ‘ప్లాంట్ మేనేజర్, ఇరవై మందికి సూపర్‌వైజర్’ అని రాశాడు, దాని మీద నోటరీ ముద్ర కూడా ఉంది. ఇదే మంచిదని ఏజెంటు అంటున్నాడు. గల్ఫ్ కంపెనీకి పంపవచ్చా?

జవాబు: పంపకండి. చిక్కంతా ‘నిర్వహణ’ అనే మాటతో వచ్చింది. తెలుగులో మిషన్ నడిపినా నిర్వహణే, రిపేరు చేసినా నిర్వహణే, మిల్లు మొత్తం చూసుకున్నా నిర్వహణే. ఇంగ్లీషులో అవి ఆపరేషన్, మెయింటెనెన్స్, మేనేజ్‌మెంట్ అని మూడు వేరువేరు పనులు. మొదటి రెండూ మీరు చేశారు, మూడోది చేయలేదు. ‘ఇరవై మంది’ అన్నది అయితే తెలుగు కాగితంలో ఎక్కడా లేదు. అది అనువాదం కాదు, కల్పించి చేర్చింది.

నోటరీ ముద్ర ఉంది కదా అని ధైర్యపడకండి. అనువాదకుడు తన ముందు సంతకం పెట్టాడని నోటరీ ధ్రువీకరించినంత మాత్రాన లోపలి తప్పు ఒప్పు అయిపోదు. తెలియక జరిగిన పొరపాటు నేరం కాదు. కానీ మీకు ఇప్పుడు తెలిసిపోయింది. తెలిసి ఆ కాగితంతో ఉద్యోగం తెచ్చుకుంటే భారతీయ న్యాయ సంహితలోని సెక్షన్ 318, అంటే మోసం కిందకు రావచ్చు. ఆ ఇంగ్లీషు కాగితం మీద ఓనర్‌కు తెలియకుండా మిల్లు స్టాంపు, ఆయన సంతకం వేస్తే ఇంకా పెద్ద ప్రమాదం. అది ఫోర్జరీ, సెక్షన్ 336. దాన్ని అసలుదని వాడితే సెక్షన్ 340 కూడా. దరఖాస్తు మీద ఉండేది ఏజెంటు సంతకం కాదు, మీది. కంపెనీవాళ్లు మిల్లుకు ఫోన్ చేసి ‘ఈయన మేనేజరా?’ అని అడిగితే ఓనర్ ఏం చెబుతారో ఆలోచించండి.

సులువైన దారి మళ్లీ ఓనర్ దగ్గరికే వెళ్లడం. లెటర్‌హెడ్ మీద నేరుగా ఇంగ్లీషులోనే కొత్త లెటర్ అడగండి. చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా ఉండాలి. పనులు మాత్రం విడివిడిగా రాయించుకోండి: షెల్లర్, పాలిషర్ నడపడం, రోలర్లు మార్చడం, హాజరు రిజిస్టర్ రాయడం. ‘రోలర్లు మార్చడం’ అన్న ఒక్క లైనే మీకు మెయింటెనెన్స్ అనుభవం ఉందని చెబుతుంది, ఇంటర్వ్యూలో ఎవరు అడిగినా తడబడకుండా చెప్పగలరు. ఓనర్‌కు ఇంగ్లీషు రాకపోతే మీరే డ్రాఫ్ట్ తీసుకెళ్లి, ఆయనకు తెలుగులో చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకం తీసుకోండి.

ఆయన కొత్త లెటర్ ఇవ్వనంటే ఉన్నదాన్నే మాటకు మాట మళ్లీ అనువాదం చేయించండి. ‘నిర్వహణ’కు రెండు మూడు అర్థాలున్నాయని అనువాదకుడే కింద నోట్ రాయవచ్చు. మీ పనుల వివరం మీ బయోడేటాలో మీ మాటగా రాసుకోండి, సర్టిఫికెట్ మాటగా కాదు. పంపేటప్పుడు తెలుగు కాగితం నకలు కూడా అనువాదానికి జతచేయండి.