48 స్లైడ్లు పక్కనపెట్టి కొత్తవాళ్లతో ఏం మాట్లాడాలి?

ప్రశ్న: మేడమ్, ఎంబీఏ హెచ్ఆర్ అయ్యాక పరవాడలో ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో చేరాను. వచ్చే నెల కొత్తగా చేరే కెమిస్టులు, ఆపరేటర్లకు ఇండక్షన్ రోజు స్వాగతం నన్నే చెప్పమన్నారు. మా మేనేజర్ 48 స్లైడ్లు పంపి, ‘వీటిని చదివి వినిపించకు’ అన్నారు. మరి ఏం చెప్పాలి? టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆ ఉదయం హాల్లో కూర్చున్నవాళ్లు ఆలోచించేది కంపెనీ బస్సు ఏ రూటులో వస్తుంది, జీతం ఏ తేదీన పడుతుంది, పాత పీఎఫ్ ఏమవుతుంది అని. ముందు అవి తేల్చేయండి. యూఏఎన్ ఉన్నవాళ్లకు అదే కొనసాగుతుందని చెప్పండి. ఆ తర్వాతే మీ మాట చెవికెక్కుతుంది.

టర్నోవరు, అవార్డులు వదిలేయండి. మీ దగ్గర తయారయ్యే ఒక్క మందు తీసుకుని, ముడిసరుకు లారీ గేటు దాటినప్పటి నుంచి దాని వెంట నడిపించండి. వేర్‌హౌస్‌లో శాంపిల్ తీస్తారు, క్యూసీ పాస్ చేశాకే ప్రొడక్షన్‌కి ఇస్తారు, చివర్లో క్యూఏ సంతకం పడితే తప్ప బ్యాచ్ బయటికి పోదు. ఒక్కో చోట ఆగి, అక్కడి హెడ్‌ని లేపి నిలబెట్టి, ‘రియాక్టర్‌లో టెంపరేచర్ తేడా కొడితే ముందు చెప్పాల్సింది ఈయనకే’ అనండి. ఆయన డిగ్రీలు, అనుభవం ఎవరికీ గుర్తుండవు, ఇది గుర్తుంటుంది. ప్లాంట్ హెడ్‌కి మైకు ఇచ్చేస్తే గంట పోతుంది. రెండు కుర్చీలు వేసి మీరే ప్రశ్నలు అడగండి. వాటిని ముందు రోజే ఆయనకు పంపండి.

ఇక విలువలు. ‘నిజాయితీ’ అని గోడ మీద రాసి ఉంటే ఎవరికీ ఏమీ అంటదు. ఖాళీ బ్యాచ్ రికార్డు నమూనా పేజీలు క్యూఏని అడిగి తెచ్చి అందరికీ పంచండి. 62 డిగ్రీలు రాయాల్సిన చోట 26 అని రాయించి, ఇప్పుడు దిద్దమనండి. ఎవరో ఒకరు అంకె మీద అంకె దిద్దుతారు, ఇంకొకరు వైట్‌నర్ అడుగుతారు. అప్పుడు చూపించండి: పాత అంకె కనిపించేలా ఒక్క గీత, పక్కన సరైన అంకె, కారణం, సంతకం, తేదీ. తప్పు రాస్తే దిద్దుకోవచ్చు, దాచడమే నేరమని వేరే చెప్పక్కర్లేదు. దీనికి తోడు, తప్పు బయటపడి మీ కంపెనీ నిజంగా ఒక బ్యాచ్ ఆపేసిన సంగతి ఏదైనా ఉంటే, క్యూఏ అనుమతితో, కస్టమర్ పేరు లేకుండా చెప్పండి. ఏ విలువకైనా అలాంటి సంగతి ఒక్కటీ దొరక్కపోతే ఆ రోజు దాని ఊసెత్తకండి. కొత్తవాళ్లు వారంలోనే అసలు సంగతి కనిపెట్టేస్తారు.

లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు మాత్రం నోటితో చెప్పండి, బోర్డు ఎక్కడుందో చూపించండి. మీ మేనేజర్ స్లైడ్లు సాయంత్రం మెయిల్ చేస్తే సరి.

అంతా అయ్యాక వెనక వరుసలో ఒకరిని, ‘రాత్రి షిఫ్టులో రీడింగ్ రాయడం మర్చిపోయావు, ఏం చేస్తావు?’ అని అడగండి. ‘అందాజుగా వేసేస్తా’ అన్నారంటే, టీకి లేచేముందు ఆ పేజీ దగ్గరికే మళ్లీ వెళ్లండి.